స్ట్రెప్టోమైసిస్‌కు ఇన్ని యాంటీబయాటిక్‌లు దేనికి?

హైదరాబాద్‌లో మా పెరటి మట్టిని సూక్ష్మజీవులను పెంచే అగర్ ప్లేటు మీద వేస్తే సుద్దపొడిలాంటి స్ట్రెప్టోమైసిస్ మచ్చలు వచ్చాయి. ఈ బ్యాక్టీరియా ఇన్ని యాంటీబయాటిక్‌లు ఎందుకు తయారు చేస్తుంది?

తంతువులుగా పాతుకున్న ఈ జీవి ఆహారం అయిపోతే మరోచోటికి కదలలేదు. అందుకే పాత తంతువులను తానే కరిగించుకుని, ఆ పోషకాలతో గాలిలోకి కొత్త తంతువులు లేపుతుంది. మీరు చూసిన పొడి వాటి మీద ఏర్పడిన సిద్ధబీజాలే. కరిగిన ఆ తిండిని ఇరుగుపొరుగు సూక్ష్మజీవులు దోచుకోకుండా అప్పుడే యాంటీబయాటిక్‌లు వెలువడతాయి. నాకు అన్నిటికన్నా బలంగా తోచే కారణం ఇదే. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌లో ఆ దశ కంటికే కనిపిస్తుంది, అగర్ నీలిరంగుకు తిరుగుతుంది.

ఆ తయారీని మొదలుపెట్టే సంకేతం ఇంకా అద్భుతం. కరిగిన కణకవచం నుంచి వచ్చే ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్ అనే చక్కెర పదార్థం కణంలోకి చేరి, యాంటీబయాటిక్ జన్యువులను అణచి ఉంచే డాస్‌ఆర్ ప్రొటీన్ పట్టు సడలిస్తుంది. ఆహారం పుష్కలంగా ఉన్నప్పుడు మాత్రం అదే పదార్థం ఉత్పత్తిని ఆపేస్తుంది.