‘ఫర్ టుమారో?’ అని ఆగి చూడు

తమ్ముడూ, నీ సందేహం చదివాను. నువ్వు పార్ట్‌టైమ్ చేసే బట్టల షాపులో కస్టమర్ ‘ఐ నీడ్ సమ్‌థింగ్ ఫర్ టుమారో’ అంటాడు. నువ్వు ఫంక్షనా, సైజెంత, బడ్జెట్ ఎంత అని వరసగా అడిగేసరికి ‘జస్ట్ లుకింగ్’ అని జారుకుంటాడు. మీ సూపర్‌వైజర్ మాత్రం ‘ఫర్ టుమారో?’ అని ఊరుకుంటే కస్టమరే అంతా చెప్పేస్తాడు. అదెలా అని నీ సందేహం.

ఎదుటివాడి మాటలో ఒక ముక్క తిరిగి అని ఆగడం, ఇది పాలకొల్లులో మా నాన్నగారి కొట్లో చూసి పెరిగిందే. ఒకాయన వచ్చి ‘రేపటికి ఏదన్నా కావాలండి’ అన్నాడు. ‘రేపటికా అండీ?’ అని నేను అడిగితే ‘ఆయ్’ అన్నాడు, అంతే. నాన్నగారు తల ఊపి ‘రేపటికీ...’ అని సాగదీసి ఆగారు. ‘అదేనండి, మేనకోడలికి ఓణీలు. పరికిణీ కొన్నాం గానీ, ఓణీ రంగు కలవలేదని రాత్రి మా ఆవిడ గొడవ.’ కావలసింది ఒక్క ఓణీ! నేనైతే ఇరవై సెట్లు విప్పి పడేసేవాణ్ణి.

మన భాషలో ‘ఆ’ తగిలిస్తే అవును, కాదు అన్న జవాబే వస్తుంది. అందుకే సాగదీస్తాం. ఇంగ్లీషులో ఆ పని గొంతు చేస్తుంది. చివర కొంచెం పైకి లేవాలి. మరీ పైకి లేపావా, ‘ఇంత ఆలస్యంగా వస్తావా’ అని దెప్పినట్టుంటుంది. ఏ ముక్క పట్టుకోవాలన్నది కూడా చూసుకో. ‘సమ్‌థింగ్?’ అంటే వెటకారం. బరువంతా ‘టుమారో’లో ఉంది. అతను ‘నథింగ్ టూ ఫార్మల్’ అని కూడా కలిపితే, ‘నాట్ టూ ఫార్మల్?’ అను, మాట బట్టల వైపు మళ్ళుతుంది. ఆ తర్వాత మనసులో నాలుగు లెక్కపెట్టు. కష్టమంతా ఆ నాలుగులోనే ఉంది. నేను మొదట్లో రెండుకే నోరు తెరిచేవాణ్ణి.

పరాయి దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంకో చిక్కుంది. మన యాస విని, మనకి అర్థం కాలేదనుకుంటారు. అతను అవే మాటలు గట్టిగా, నెమ్మదిగా ‘ఫర్... టు...మా...రో’ అన్నాడంటే అదే జరిగిందన్నమాట. అప్పుడు మళ్ళీ అదే అనకు. ‘ష్యూర్, టుమారో. వాట్స్ హ్యాపెనింగ్?’ అని నేరుగా అడుగు. అసలు ముందే తల ఊపి ‘ఓకే’ అన్నాక ఆ ముక్క అంటే ఈ గొడవ చాలావరకు రాదు.

ఒక కస్టమర్‌తో ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మూడోసారికి చిలకలా ఉంటుంది. రిటర్న్ కౌంటర్ దగ్గర కోపంగా ఉన్నవాడితో అసలే వద్దు, ఎక్కిరిస్తున్నావనుకుంటాడు. సైజు నంబరు తిరిగి చెప్పడం మాత్రం వేరే సంగతి. అది సరిచూసుకోవడం, అక్కడ ‘యెస్’ ఒక్కటీ వస్తే చాలు.