శ్రమదినాల్లో టిఫిన్ మానేసినా ఆకలే మిగులుతోంది

"హన్మకొండ హాస్టల్‌లో ఉంటున్న. ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాల్లో ఉపవాసమని పొద్దుగాల టిఫిన్ మానేస్తున్న. ఆకలి తప్ప ఏం మారుతలేదు, రెండో వారానికే ఆగిపోతున్న. ఎట్ల?"

తమ్ముడూ, తిండి మానేశావు గానీ ఆ సమయం, ఆ డబ్బు ఖాళీగానే వదిలేసినట్టున్నావు. చాలామంది తప్పేది ఇక్కడే. యెషయా 58 చదువు, ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడమే ఉపవాసం అంటుంది.

1. టిఫిన్ 40 రూపాయలనుకో. మానేసిన రోజే అది డబ్బాలో వెయ్యి. నెలాఖరుకు లెక్కేద్దామంటే ఖర్చైపోతుంది. శనివారం ఆ డబ్బుతో ఎంజీఎం ఆసుపత్రి బయట ఉండే రోగుల బంధువులకు భోజనం కొనివ్వు.

2. తినే ఆ పావుగంటలో మత్తయి 6:16-18 చదువు. "ఈ రోజు ఎవరి మెప్పు కోసం చేశాను?" అని ఒక్క వాక్యంలో జవాబు రాసుకో. రేపు లూకా 15లో కొంచెం.

3. ఆదివారం మామూలుగా తిను. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా 46 రోజులు. 6 ఆదివారాలు తీస్తేనే 40 శ్రమదినాలు.

షుగరో, మందులో ఉంటే టిఫిన్ మానకు. బదులుగా రాత్రి రీల్స్ మానెయ్యి.