పసిబిడ్డకు కార్ సీట్, స్ట్రోలర్: ధర చూసి కాదు, మీ కారులో పెట్టి చూసి కొనండి

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తుకి ఈమధ్యే దిగిన గుంటూరు అమ్మాయికి ఎనిమిదో నెల. ఓ ఆదివారం ఫోను పట్టుకుని కిందకొచ్చింది. "అక్కా, కార్ సీట్ నూటయాభై డాలర్లదీ ఉంది, నాలుగువందలదీ ఉంది. ఏది సేఫ్?"

రెండూ సేఫే. అమెరికాలో అమ్మే ప్రతి కార్ సీటూ ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డ్ 213 ప్రకారం ఉండాలి. గంటకు 30 మైళ్ల వేగంతో ఎదురుగా గుద్దుకుంటే ఏమవుతుందో చూసే పరీక్ష రెండింటికీ ఒకటే. రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ నిట్సా కార్ సీట్లకు స్టార్లు ఇస్తుంది గానీ అవి వాడటం ఎంత సులువో చెప్పే స్టార్లు, గుద్దితే ఎంత కాపాడుతుందో చెప్పేవి కావు. ఎక్కువ పెట్టే డబ్బులో చాలావరకు మెత్తటి గుడ్డకీ, తక్కువ బరువుకీ, బిగించడంలో సౌకర్యానికీ పోతుంది. సీటు మీద ఫెడరల్ స్టాండర్డ్‌కి సరిపోతుందని రాసిన స్టిక్కర్ ఉందో లేదో చూడండి. ఇండియా నుంచో లండన్ నుంచో బంధువులు తెచ్చే సీటుకి మామూలుగా ఆ స్టిక్కర్ ఉండదు, ఇక్కడ వాడకూడదు.

ఎవరో ఫ్రెండ్ తమ పాత సీటు ఇస్తామన్నారట. తీసుకోవచ్చు, కానీ అది ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిన కారులో ఉందేమో, సీటు అడుగున ఉన్న గడువు తేదీ దాటిందేమో, రీకాల్ ఏమైనా ఉందేమో కనుక్కోవాలి. ఈ మూడింటికీ నిజం చెప్పే మనిషైతేనే తీసుకోండి. గరాజ్ సేల్‌లో పది డాలర్లకు దొరికిందంటే మాత్రం నేను ముట్టుకోను.

వాళ్లకి నేను చెప్పింది బకెట్ సీటు. బేస్ కారులోనే ఉంటుంది, బిడ్డ నిద్రపోతున్నా సీటును హ్యాండిల్ పట్టుకుని ఎత్తేయొచ్చు. సీటు మీద 30, 35 పౌండ్ల వరకు అని రాసి ఉన్నా, చాలామంది పిల్లలకు బరువు కంటే ముందు పొడుగు అడ్డొస్తుంది. తల పైభాగానికీ సీటు అంచుకీ మధ్య ఒక అంగుళం కూడా మిగలకపోతే ఆ సీటు పని అయిపోయినట్టే.

అసలు కథ బిగించడం దగ్గర మొదలైంది. వాళ్లది చిన్న సెడాన్, అబ్బాయి, అంటే ఆ అమ్మాయి భర్త, ఆరడుగులు. డ్రైవర్ వెనక పెట్టి చూస్తే ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వచ్చిందంటే, అతని మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలాయి. సరే, మధ్యలో పెడదాం అన్నాం. బెల్ట్ లేకుండా కార్ సీటును నేరుగా కారుకే తగిలించే లాచ్ కొక్కేలు చాలా కార్లలో మధ్య సీటుకి ఉండవు, సీట్ బెల్ట్‌తోనే బిగించాలి. బెల్ట్‌ను బేస్ మీద దారి గీసిన చోటునుంచి దూర్చి, బకిల్ పెట్టి, మొత్తం బయటికి లాగి వదిలితే అది లాక్ అవుతుంది. వెనక్కి వెళ్తున్నప్పుడు టకటకమని చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు బేస్ మీద చేత్తో గట్టిగా నొక్కుతూ బెల్ట్ బిగించాలి.

బిగించాం. బేస్ ఒక పక్కకు ఒరిగిపోయింది. మూడుసార్లు విప్పి కట్టినా అంతే. కొన్ని కార్లలో బెల్ట్ వచ్చే కోణమే అలా ఉంటుంది, మన తప్పేం లేదు. చివరికి ప్యాసింజర్ వైపు వెనక సీటుకి మార్చి, అక్కడున్న లాచ్ కొక్కేలకు తగిలిస్తే మొదటిసారే కుదిరింది. మధ్య సీటు మంచిదని అందరూ చెప్తారు, నిజమే. కానీ మధ్యలో వదులుగా ఉండే దానికంటే పక్కన గట్టిగా ఉండేది నయం. మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప బెల్టూ లాచూ రెండూ కలిపి వాడకండి. ముందు ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక వైపుకి ఉండే ఇలాంటి సీటు అస్సలు పెట్టకూడదు.

గట్టిగా ఉందని ఎలా తెలుస్తుంది? బెల్టో లాచ్ పట్టీయో పోయే చోట పట్టుకుని మామూలు బలంతో అటూ ఇటూ, ముందుకూ వెనక్కీ ఊపండి. అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పైన తల వైపు పట్టుకుని ఊపితే ఎలాగూ కదులుతుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. రెండోది వాలు. బేస్ పక్కన చిన్న బుడగో గీతో ఉంటుంది, అది సరైన చోటికి రావాలి. మేం చూసినప్పుడు ఎంతకీ రాలేదు. తీరా చూస్తే మా పార్కింగ్‌ పల్లంగా ఉంది! కారు సమతలం మీదకు తీసుకెళ్తే సరిపోయింది. సీటు మరీ నిటారుగా ఉంటే పసిబిడ్డ తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి తగులుతుంది, ఊపిరి ఆడదు. అందుకే ఇందులో రాజీ లేదు.

ఇంత చేసినా అనుమానంగా ఉంటే సర్టిఫికెట్ ఉన్న కార్ సీట్ టెక్నీషియన్లు ఉంటారు, చాలాచోట్ల ఉచితంగా చూసి చెప్తారు. కొన్ని ఫైర్ స్టేషన్లలో ఉంటారు, అన్నింట్లో కాదు. ఫోన్ చేసి వెళ్లండి. హాస్పిటల్‌లో నర్సు బిగిస్తుందిలే అనుకోకండి, ఎక్కువచోట్ల వాళ్లు బిగించరు.

డిశ్చార్జ్ రోజున కొత్త చిక్కు. అమ్మాయి వాళ్లమ్మ వచ్చి ఉన్నారు. చలి అని స్వెటర్ వేసి, పొత్తిళ్లలో చుట్టి, అలాగే సీట్లో పెట్టారు. కాళ్లమధ్యనుంచి రావాల్సిన పట్టీ ఎక్కడ పోతుంది? విప్పించి, పల్చటి బట్టల మీద పట్టీలు కట్టి, దుప్పటి పైన కప్పించాను. పట్టీలు భుజాల ఎత్తులో గానీ కొంచెం కిందనుంచి గానీ రావాలి. భుజం దగ్గర పట్టీని నిలువుగా రెండు వేళ్లతో గిల్లితే మడత దొరక్కూడదు. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు. సీటుతోపాటు రాని తలదిండ్లు విడిగా కొని పెట్టొద్దు.

"నా ఒళ్లో పెట్టుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకమ్మా?" అన్నారావిడ. "పిన్నీ, 30 మైళ్ల మీద కారు పదోవంతు సెకనులో ఆగిపోతే మూడు కిలోల బిడ్డ చేతిలో నలభై కిలోల బరువై లాగుతుంది. బియ్యం బస్తాను ఒంటిచేత్తో ఆపడం లాంటిది" అన్నాను. ఇంకేం అనలేదు.

ఇక స్ట్రోలర్. తల నిలబడని బిడ్డకి సీటు పూర్తిగా వెనక్కి వాలేదో, లేకపోతే మీ బకెట్ సీటు దాని మీద క్లిక్ అయ్యేదో కావాలి. గొడుగులా ముడుచుకునే అంబ్రెల్లా స్ట్రోలర్ ఆరో నెల దాకా ఊసెత్తకండి. బకెట్ సీటును స్ట్రోలర్‌కి తగిలించే అడాప్టర్ మీ సీటు మోడల్‌కే సరిపోతుందో లేదో కొనేముందు చూడండి. అయితే బకెట్ సీటును మంచంలా వాడకండి. ఇంటికి రాగానే బిడ్డను తీసి చదునుగా పడుకోబెట్టాలి.

వాళ్లు మనసు పడ్డ స్ట్రోలర్ చాలా అందంగా ఉంది. షాపులో నేను అమ్మాయి ఎడమచేతికి పది పౌండ్ల బియ్యం ప్యాకెట్ ఇచ్చి, కుడిచేత్తో మడవమన్నాను. సీటు తీసి, ఫ్రేమ్ మడిచి, చక్రాలు విప్పితే గానీ ట్రంక్‌లోకి పోదు. పైగా మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పక్కనున్న మామూలు ఫ్రేమ్ స్ట్రోలర్ ఒంటిచేత్తో మడతపడి, టక్‌మని లాక్ అయింది. ఆ చప్పుడు వినపడాలి, లేకపోతే ఎత్తేటప్పుడు విచ్చుకుని వేళ్లు నలుగుతాయి. అబ్బాయి టేపు తెచ్చి, మడిచిన కొలతా ట్రంక్ నోటి వెడల్పూ చూసుకుని అదే తీసుకున్నాడు.

మొన్న వెళ్తే సీటు డబ్బా ఇంకా హాల్లోనే ఉంది, రిజిస్ట్రేషన్ కార్డు లోపలే. రీకాల్ వస్తే కంపెనీ ఉత్తరం రాసేది ఆ కార్డులో ఉన్న అడ్రస్‌కే. మూడు నెలల్లో ఇల్లు మారుతున్నారట. మారాక అడ్రస్ మార్చుకుందురుగానీ అని అక్కడే నిలబడి నింపించి, పోస్ట్‌లో వేసి వచ్చాను.