వరి కరపత్రం ఫొటో నుంచి నెలవారీ క్యాలెండర్ ఎలా?

ఫొటోలో వ్యవసాయ శాఖ వాళ్ళ కరపత్రంలో ఉన్న ప్రతి పని పక్కన అది "విత్తిన" రోజులా "నాటిన" రోజులా రాసుకుని, మీ సొంత తేదీ నుంచి లెక్కేసి ఆ తర్వాతే నెలల్లోకి సర్దండి. ఎందుకంటే కరపత్రం అన్ని జిల్లాలకీ ఒకటే, దాంట్లో సార్వా అని జూన్, జులై ఉంటే నెల్లూరులో పెద్ద పంట నాట్లు ఈశాన్య రుతుపవనాల వానలతో నవంబర్, డిసెంబర్‌లో పడతాయి, ఇక ఎడగారు లెక్క పూర్తిగా వేరే.

ఉదాహరణకి 120 రోజుల రకం, నారు పోసింది నవంబర్ 5న, నాటింది డిసెంబర్ 1న అనుకోండి. దమ్ములో ఒక దఫా నత్రజని అయిపోతుంది, నాటిన 20 రోజులకి, అంటే డిసెంబర్ 21 దగ్గర పిలకల దఫా. అంకురం దశ విత్తిన సుమారు 60 రోజులకి కాబట్టి చివరి దఫా జనవరి 4 ప్రాంతంలో. చాలామంది ఆ 60ని నాటు నుంచి లెక్కేసి జనవరి 30కి పోస్తారు, అప్పటికి వెన్ను తయారైపోయి ఈనడానికి సిద్ధంగా ఉంటుంది, యూరియా దండగ.

ఇంకో పొరపాటు, పురుగు పేరు ఉన్న నెలలో మందు కొట్టాలనుకోవడం. అది చూసుకోమని మాత్రమే, క్యాలెండర్‌లో కూడా "చూడాలి" అనే రాయండి, డిసెంబర్‌లో మొవ్వు చావడం, జనవరి నుంచి దుబ్బు మొదట్లో సుడిదోమ. ఫొటోలో మడత పడ్డ చోట 3, 8 తేడా, ఎకరానికా హెక్టారుకా అన్నది ఒకసారి అసలు కాగితంతో పోల్చుకోండి, హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు మరి.