కాలువ పూడిక, చెత్త: రెండూ ఒకే ఫిర్యాదులో రాయకండి

"విశాఖలో మా సందులో సైడు కాలువ పూడిపోయి మురుగు రోడ్డెక్కుతోంది. మలుపు దగ్గర చెత్త పొంగిపోతోంది. ఫొటోలతో రెండుసార్లు ఫిర్యాదు చేశా. రెండుసార్లూ పరిష్కారమైందని మూసేశారు. ఎలా రాయాలండీ?"

రెండూ కలిపి రాస్తే జరిగేది ఇదేనండీ. చెత్త ఎత్తడం పది నిమిషాల పని. ఎత్తి, ఫొటో తీసి, ఫిర్యాదు మూసేస్తారు. కాలువ అలాగే ఉంటుంది. అందుకే రెండు ఫిర్యాదులు, రెండు నంబర్లు.

కాలువ విషయంలో ముందు అడ్డు ఎక్కడుందో మీరే పట్టుకోండి. ఎగువన నీరు నిలిచి, దిగువన కాలువ దాదాపు ఎండిపోయి కనిపిస్తే, అడ్డు ఆ రెండింటి మధ్యే ఉంది. చాలాసార్లు అది ఎవరింటి ముందో గేటు ర్యాంపు కిందే ఉంటుంది. పలకలైతే పారిశుద్ధ్య సిబ్బంది లేపి తీస్తారు. ర్యాంపు కాంక్రీటుతో పోసేసి ఉంటే వాళ్ల పార అందదు, పని ఇంజనీరింగ్ విభాగానికి పోతుంది. ఆ సంగతి ఫిర్యాదులోనే రాయాలి, లేకపోతే వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతారు.

పూడిక ఎంతుందో చెప్పడానికి ఒక కర్ర చాలు. కర్ర మెత్తగా తగిలినప్పుడు కాలువ పై అంచు దగ్గర కర్ర మీద ఒక గీత, గట్టి అడుగు తగిలేదాకా గుచ్చి అదే అంచు దగ్గర ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరమే పూడిక. టేపు పక్కన పెట్టి ఫొటో తీయండి.

ఫొటో మీదే తేదీ, స్థలం పడే కెమెరా యాప్ వాడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో దాగున్న తేదీ వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫైలు ఫోన్లోనే ఉంచుకోండి. ప్రతిసారీ ఒకే చోట నిలబడి, అదే కరెంటు స్తంభం నంబరుతో సహా కనబడేలా తీయాలి. చెత్తకైతే బండి వచ్చి వెళ్లాక తీయండి, వరసగా మూడు రోజులు. ముందే తీస్తే "అప్పటికి బండి రాలేదు" అనేస్తారు.

రాత ఇలా ఉంటే చాలు:

"ఫలానా వార్డు, ఫలానా వీధి, స్తంభం నంబరు ఫలానా. జూన్ 3, 6, 10 తేదీల్లో తీసిన ఫొటోలు జతచేశాను. 60 సెంటీమీటర్ల లోతు కాలువలో 45 పూడికే. అడ్డు ఇంటి నంబరు ఫలానా ముందున్న కాంక్రీటు ర్యాంపు కింద ఉంది. పూడిక తీసి, తరలించగలరు."

ఆ చివరి మాట మరవకండి. తీసిన బురదను గట్టు మీద ఆరబెట్టడం మామూలే, తడిగా ఉంటే ట్రాక్టర్లో నిలవదు. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టొచ్చు. ఆపైన ఉంచితే ఒక్క వానకి మళ్లీ కాలువలోకే.

వార్డు సచివాలయంలోనో, సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదికలోనో ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు పట్టుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పని కాకుండానే మూసేస్తే, అదే రోజు అదే చోట ఫొటో తీసి, పాత నంబరు రాసి తిరిగి తెరవమనండి.