బ్యాలెన్స్ చూసుకున్నా ఉచిత లావాదేవీ ఖర్చయినట్టే

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతం 32 వేలు. ఖాతా వరంగల్ శాఖలో ఉంది. ఆఫీసు కింద ఉన్న వేరే బ్యాంకు ఏటీఎంలో జీతం పడిందో లేదోనని మూడుసార్లు బ్యాలెన్స్ చూశాను. తర్వాత ఆరుసార్లు 500 చొప్పున తీశాను. చార్జీల కింద 162.84 రూపాయలు పోయాయి. ఐదు సార్లు ఉచితం కదా? నెలాఖరున డబ్బుల్లేక క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో 5 వేలు తీస్తే 500 ఫీజు వేశారు. బ్యాంకు మార్చమంటారా?

జవాబు: బ్యాంకు మార్చనక్కర్లేదు. మీ ఖాతా ఏ ఊళ్లో ఉందన్నది కాదు, మిషన్ ఏ ఊళ్లో ఉందన్నదే లెక్క. హైదరాబాద్ మెట్రో కాబట్టి ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు మూడే ఉచితం. వరంగల్‌లో అయితే ఐదు. ఆ మూడూ మీరు బ్యాలెన్స్ చూడటానికే వాడేశారు. అందుకే డబ్బు తీసిన ఆరుసార్లూ చార్జీ పడింది. ఒక్కోసారి 23 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 27.14. అంటే 500కు ఐదు శాతం పైనే కట్టారు.

మీరు వేరే బ్యాంకు మిషన్ వాడిన ప్రతిసారీ మీ బ్యాంకు ఆ బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ ఫీజు చెల్లించాలి. 2025 మే 1 నుంచి అది నగదు తీస్తే 19 రూపాయలు, బ్యాలెన్స్ చూసినా 7 రూపాయలు. ఉచిత పరిమితి దాటాక మీ దగ్గర వసూలు చేసే చార్జీని కూడా అదే రోజు 21 నుంచి 23కు పెంచారు. మిషన్లో నోట్లు లేకో, సాంకేతిక లోపంతోనో ఆగిపోయిన లావాదేవీ మాత్రం లెక్కలోకి రాదు. అలాంటి దానికి చార్జీ పడితే వెంటనే ఫిర్యాదు చేయండి.

ఇకపై బ్యాలెన్స్ ఫోన్‌లోని బ్యాంకు యాప్‌లో చూసుకోండి. ఆ 3 వేలూ జీతం పడ్డ వారంలో ఒకేసారి తీసేయండి. సొంత బ్యాంకు ఏటీఎం దారిలో ఉంటే అక్కడ మరో ఐదు ఉచితం. చిన్న ఖర్చులకు యూపీఐ ఉండనే ఉంది.

నన్ను కలవరపెట్టింది ఆ 162 కాదు, క్రెడిట్ కార్డుపై తీసిన నగదు. దయచేసి ఆ పని మళ్లీ చేయకండి. ఫీజు 500పై జీఎస్టీ కలిపితే 590 అయింది. కార్డుతో వస్తువు కొంటే దొరికే వడ్డీ లేని గడువు నగదుకు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకు 3.5 శాతమైతే నెలలో 175, దానిపైనా జీఎస్టీ. 5 వేలకు దాదాపు 800 పోసినట్టు! బిల్లు వచ్చేదాకా ఆగకుండా ఈరోజే కట్టేయండి.

మీకు లేనిది అత్యవసర నిధి. జీతం పడిన మర్నాడే 2 వేలు ఆర్‌డీకి వెళ్లేలా మీ బ్యాంకులోనే ఆటో డెబిట్ పెట్టండి. ఐదు నెలల్లో 10 వేలు దాటుతుంది, ఇలాంటి నెలాఖరుకు అది చాలు. అక్కడితో ఆపకుండా మూడు నెలల ఇంటి ఖర్చు అయ్యేదాకా కొనసాగించండి. అప్పటిదాకా సిప్‌లు, షేర్ల జోలికి వెళ్లొద్దు. యాప్‌లో క్రెడిట్ కార్డు సెట్టింగ్స్ తెరిచి ఏటీఎం విత్‌డ్రాయల్‌ను ఇవాళే ఆఫ్ చేయండి.