అత్తగారు మీ వైపు ఉండటమే అసలు చిక్కు

*నాకు 34 ఏళ్లు, మావారికి 38. పెళ్లయి ఆరేళ్లు. నాకు పిల్లలంటే ప్రాణం. పెళ్లికి ముందు అడిగితే ఆయన "చూద్దాంలే" అన్నారు. రెండేళ్ల కిందట మాత్రం "నాకు వద్దు" అని తేల్చి చెప్పేశారు. మామగారు పోయినప్పుడు ఆయనకు 19 ఏళ్లు. ఇద్దరు చెల్లెళ్లను చదివించి, పెళ్లిళ్లు చేసింది ఆయనే. "నేను ఒకసారి పెంచేశాను, ఇంక నా వల్ల కాదు" అంటారు. అత్తగారు పూర్తిగా నా వైపే. "మాత్రలు మానెయ్యమ్మా, బిడ్డ చేతిలోకి వస్తే వాడే మారతాడు" అంటున్నారు. ఆడపడుచులదీ అదే మాట. పిల్లల ఊసెత్తితే చాలు, రెండు రోజులు మాకు మాటలుండవు. ఆయన తగ్గరు, నేనూ తగ్గలేను. అత్తగారు చెప్పినట్టు ఆయనకు తెలియకుండా మాత్రలు ఆపేస్తే తప్పవుతుందా?*

తప్పేనమ్మా. ఆయన మిమ్మల్ని నమ్మి పక్కన పడుకుంటున్నారు. ఆ నమ్మకాన్ని వాడుకుని కన్న బిడ్డను ఆయన ఎత్తుకున్న ప్రతిసారీ తను మోసపోయిన సంగతి గుర్తొస్తుంది. ఆ బరువు మోయాల్సింది ఏ పాపం తెలియని పసివాడు. ఈ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన వాక్యం వేరే ఉంది. "అత్తగారు పూర్తిగా నా వైపే." మీరు దాన్ని ఒక ఊరటగా రాశారు. నాకు మాత్రం ముడి అక్కడే కనిపిస్తోంది.

19 ఏళ్ల కుర్రాడిని ఒకసారి ఊహించుకోండి. తండ్రి పోయిన దుఃఖం తీరకముందే ఇంటి పెద్ద అయిపోయాడు. చెల్లెళ్ల ఫీజులు, జ్వరాలు, సంబంధాలు అన్నీ అతని మీదే పడ్డాయి. "నీకు ఇష్టమేనా?" అని ఆ రోజు ఎవరూ అడిగి ఉండరు. అడిగే పరిస్థితి ఆ తల్లికీ లేదు, ఆవిడ కష్టం ఆవిడది. కానీ ఇప్పుడు పరిస్థితి అది కాదు. ఇప్పుడు కూడా అదే తల్లి, అతన్ని అడగకుండానే, ఇంకొకరిని పెంచాలని నిర్ణయించేస్తోంది. ఈసారి పక్కన భార్యను కూడా నిలబెట్టుకుంది.

ఆయన "వద్దు" అంటున్నది మీతోనా, వాళ్లమ్మతోనా? మీరు ఆవిడ పక్కన నిలబడి అడుగుతున్నంత కాలం ఆ సంగతి మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. నలుగురు ఆడవాళ్లు ఒక వైపు చేరి అడుగుతుంటే, ఆయనకు తన మాట మీద పట్టు బిగించడం తప్ప వేరే దారి ఉండదు. లోపల సందేహం ఏమైనా ఉన్నా బయట పెట్టలేరు. పెడితే ఓడిపోయినట్టే అనిపిస్తుంది. పెద్దకొడుకుగా ఆయన చేయాల్సింది చేసేశారు, అందులో ఏ బాకీ మిగల్లేదు. కొడుకు దగ్గర తల్లి ప్రేమను ఆశించవచ్చు. మనవడిని ఇవ్వమని నిలదీసే హక్కు ఏ తల్లికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని ఆయన తప్పు లేదని అనడం లేదు. పిల్లలు కావాలని మీరు పెళ్లికి ముందే చెప్పారు. మనసులో వెనకడుగు ఉన్నప్పుడు "చూద్దాంలే" అనడం నిజాయితీ కాదు. ఆ ఒక్క మాట మీద మీరు నాలుగేళ్లు ఎదురుచూశారు. అందుకు ఆయన మీకు జవాబుదారీ. సగం మాటలు, మౌనాలు కాకుండా పూర్తి జవాబు అడిగే హక్కు మీకుంది.

ఆ జవాబు కావాలంటే ముందు మాత్రల సంగతి తేల్చుకోవాలి. గర్భం రాకుండా చూసుకునే బాధ్యత ఇన్నాళ్లూ మీ మీదే ఉంది. బిడ్డ కావాలనుకునే మనిషి రోజూ బిడ్డను ఆపే మాత్ర వేసుకోవడంలోనే ఎంతో బాధ ఉంది. వద్దనుకునే వాళ్లే ఆ జాగ్రత్త తీసుకోవడం న్యాయం. "ఫలానా తేదీ నుంచి నేను మాత్రలు ఆపేస్తున్నాను, ఇకపై జాగ్రత్త మీది" అని ముందుగానే, ముఖం మీదే చెప్పండి. ఆయన కండోమ్ వాడతారు. చెప్పి ఆపడానికీ, చెప్పకుండా ఆపడానికీ ఎంత తేడా ఉందో ఆ ఇంట్లో మీకే తెలుస్తుంది. మీ చేతిలో ఏదో ఉందన్న అనుమానం ఆయనకు పోతుంది. తన "వద్దు"ను తనే మోయాల్సి రావడంతో అది ఎంత గట్టిదో ఆయనకూ అర్థమవుతుంది. అయితే కోపంలో వెళ్లి వేసెక్టమీ చేయించుకోనివ్వకండి. తర్వాత మనసు మారితే తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది గానీ, అది ఫలిస్తుందన్న హామీ లేదు.

రెండోది మీ వయసు. ఆడవాళ్లలో గర్భం దాల్చే అవకాశం ముప్పై దాటాక మెల్లగా తగ్గుతూ వస్తుంది. 35 దాటాక ఆ తగ్గుదల వేగం అందుకుంటుంది, గర్భస్రావాల ప్రమాదం కూడా పెరుగుతుంది. మగవాళ్లకూ వయసు ప్రభావం ఉంటుంది గానీ అంత త్వరగా కనిపించదు. అందుకే ఈ విషయంలో మీ గడియారం, ఆయన గడియారం ఒకటి కాదు. డాక్టరు దగ్గరకు వెళ్తే ఏఎంహెచ్ పరీక్ష రాయవచ్చు. అండాలు ఏ మేరకు మిగిలాయో అది సుమారుగా చెబుతుంది. వాటి నాణ్యతను గానీ, మీకు సహజంగా గర్భం వస్తుందో రాదో గానీ చెప్పదు. రిపోర్టు బాగుందని ఇంకో ఐదేళ్లు ఆగకండి, తక్కువగా ఉందని హడలిపోకండి. అండాలు దాచి ఉంచుకోవచ్చని కూడా ఎవరో ఒకరు చెబుతారు. దానివల్ల కొంత సమయం దొరకవచ్చు, బిడ్డ పుడుతుందన్న హామీ మాత్రం దొరకదు. పైగా మీ ఇద్దరి మధ్య ఉన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంటుంది. కాబట్టి ఆరు నెలలు గడువు పెట్టుకోండి. దాన్ని బెదిరింపుగా చెప్పకండి. "ఇంతకు మించి నేను ఆగలేను, నా వయసు ఆగనివ్వదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక మాట్లాడుకోవడం. వారానికి ఒక గంట చాలు, మిగతా రోజుల్లో ఆ ఊసు వద్దు. ఆ గంటలో ఒకరు మాట్లాడితే ఇంకొకరు వినాలి, ఒప్పించే ప్రయత్నం చేయకూడదు. "ఎందుకు వద్దు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర రెండేళ్లుగా నలిగిన జవాబే ఉంటుంది. "వద్దు అన్నప్పుడు మీ కళ్ల ముందు ఏం కదులుతుంది?" అని అడగండి. చెల్లెలి జ్వరం రాత్రి కావచ్చు, ఫీజు కట్టలేక ఎవరినో చేబదులు అడిగిన రోజు కావచ్చు. చెప్పనివ్వండి. "మన బిడ్డ విషయంలో అలా జరగదు" అని మధ్యలో అడ్డుపడకండి.

ఒకటి రెండు వారాలు అలా విన్నాక ఇలా అడగండి: "డబ్బుకు లోటు లేదనుకుందాం. అత్తయ్య జోక్యం లేదు, పనిలో సగం నాది. అప్పుడైతే?" ఆయన ఆలోచనలో పడి "అప్పుడైతే ఏమో..." అన్నారంటే, ఆయన వద్దంటున్నది బిడ్డను కాదు, ఆ పాత బతుకును. దానికి మందుంది. ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరకు వెళ్తే ఆ భయం కరిగే అవకాశం ఉంది. అలా కాకుండా కోపం లేకుండా, తడబడకుండా, "అప్పుడు కూడా వద్దు" అంటే అది నిజమైన "వద్దు". దాన్ని నమ్మండి.

అదే పరీక్ష మీకూ పెట్టుకోవాలి. అత్తగారు ఎప్పుడూ అడగలేదనుకోండి, ఆడపడుచులకు పిల్లలు లేరనుకోండి. అప్పుడు కూడా మీకు ఇంతే బలంగా కావాలనిపిస్తుందా? మీకు కావలసింది బిడ్డా, ఆయనతో బిడ్డా? ఈ రెండో ప్రశ్న దగ్గర చాలామంది ఏడ్చేస్తారు. ఏడ్చినా ఫర్వాలేదు, జవాబు మాత్రం దొరకాలి.

రాజీలు చెప్పేవాళ్లు చాలామంది వస్తారు. దత్తత తీసుకోమంటారు. ఆయన ఇబ్బంది కనడంతో కాదు, పెంచడంతో. దత్తత వల్ల ఆయనకు తేలికయ్యేదేమీ లేదు. "అంతా నేనే చూసుకుంటాను, మీరు ఊరికే ఉంటే చాలు" అని మీరే అనబోతారేమో, అనకండి. అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఏ తండ్రీ ఊరికే ఉండలేడు, మీరూ ఉండనివ్వరు. అప్పుడు ఆ మాట ఇద్దరినీ పొడుస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. ఏదో ఒక రాత్రి, బాగా అలిసిపోయి, ఆయన "సరే, నీ ఇష్టం" అనవచ్చు. ఆ మాట పట్టుకుని పరిగెత్తకండి. నెల రోజులు ఆగండి. ఆ నెలలో ఆయనంతట ఆయనే ఆ సంగతి ఎత్తారా, డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్దామని అడిగారా చూడండి. అడిగితే అది ఒప్పుకోలు. మీరు గుర్తుచేసిన ప్రతిసారీ ముఖం తిప్పుకుంటే, ఆయన అలిసిపోయారంతే.

ఆరు నెలల తర్వాత కూడా ఇద్దరూ ఉన్నచోటే ఉంటే, నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. సగం బిడ్డంటూ ఉండదు. బిడ్డను కనడానికి ఇద్దరి "సరే" కావాలి, ఆపడానికి ఒక్కరి "వద్దు" చాలు. కానీ ఆయన "వద్దు"కు బిడ్డను ఆపే బలమే ఉంది, మిమ్మల్ని ఈ పెళ్లిలో కట్టిపడేసే బలం లేదు. విడిపోవాలనుకుంటే 35 ఏళ్లప్పుడే, ఒకరి మీద ఒకరికి ఇంకా ప్రేమ ఉండగానే విడిపోండి. నలభై దగ్గర పడ్డాక, కసి పెరిగాక కాదు. ఉండిపోవాలనుకుంటే "ఇది నా నిర్ణయం" అనుకుని ఉండండి. పుట్టని బిడ్డ కోసం బాధ ఉంటుంది, ఆ బాధను ఆయన ముందే ఏడ్చి తీర్చుకోండి, ఆయనా వినాలి. ప్రతి గొడవలోనూ "మీకోసం నేను తల్లిని కాలేదు" అని గుచ్చేటట్టయితే మాత్రం ఉండకండి.

ఇవన్నీ మొదలుపెట్టడానికి ముందు అత్తగారితో ఒక మాట చెప్పాలి. "అత్తయ్యా, నా బాధ మీకు తెలుసు, అందుకు కృతజ్ఞత ఉంది. కానీ ఇది మేమిద్దరమే తేల్చుకోవాలి. ఇక మీతో ఈ విషయం మాట్లాడను, మీరూ ఆయన్ని అడగకండి." ఆవిడ నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఆడపడుచులకు చెప్పాల్సింది ఆయన, వాళ్లను పెంచింది ఆయనే కదా. అత్తగారితో అన్న మాటను ఆ సాయంత్రమే ఆయనకు చెప్పండి. మొదట్లో ఆయన నమ్మకపోవచ్చు, ఇది కూడా అమ్మ వేసిన ఎత్తేనేమో అనుకోవచ్చు. మీరు వాదించకండి. రెండు మూడు వారాలు ఇంట్లో ఆ ఊసు రాకపోతే ఆయనకే తెలుస్తుంది. మీ మొదటి గంట ఆ తర్వాతే పెట్టుకోండి.